కిలో కేకుకు ఎంత ధర చెప్పాలి?

కావలిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్నాను. సామాన్లు, గ్యాస్, పెట్టె, డెలివరీ పోను 30 శాతం మిగలాలంటే కిలో కేకు ధర ఎలా లెక్కగట్టాలి?

ఖర్చును 1.3తో గుణించకండి, 0.7తో భాగించండి. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

మీ కిలో కేకుకు సామాన్లు 330, గ్యాస్ 20, పెట్టె, అట్ట, కొవ్వొత్తులు కలిపి 70 రూపాయలు అనుకుందాం. రెండు గంటల మీ కష్టానికి 140 వేయండి. దాన్ని లాభంలో కలిపేస్తే ఊరికే పనిచేసినట్లే. మొత్తం 560.

560ని 1.3తో గుణిస్తే 728 వస్తుంది. మిగిలేది 168, అంటే అమ్మిన ధరలో 23 శాతమే. 0.7తో భాగిస్తే 800. అందులో 240 మిగులుతుంది, అది సరిగ్గా 30 శాతం.

డెలివరీని ఇందులో కలపకండి. ఆటోకు 60 అయితే విడిగా చూపించి 860 తీసుకోండి. బిట్రగుంట లాంటి పక్క ఊరికి మీరే వెళ్తే తిరుగు ప్రయాణం ఖర్చు కూడా వేయాలి.

గ్యాస్‌కు ఒక సిలిండర్‌తో ఎన్ని కేకులు అయ్యాయో రాసుకుని, సిలిండర్ ధరను ఆ సంఖ్యతో భాగించండి. వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల సిలిండర్, దాని ధరే తీసుకోండి.

సామాన్లలో క్రీమ్ దగ్గర జాగ్రత్త. లీటరు ప్యాకెట్ విప్పి 400 మిల్లీలీటర్లే వాడారు, మిగిలింది పాడయ్యేలోపు ఇంకో ఆర్డర్ లేదు. అప్పుడు ప్యాకెట్ మొత్తం ధర ఈ కేకు మీదే పడుతుంది.