పెట్టెలోంచి తీసిన బడ్స్ ఫోన్లో కనపడకపోతే

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మొదటిసారి కొన్నాను. ఫోన్‌కి ఎలా కలపాలి? బ్లూటూత్ ఆన్ చేశాను కానీ వాటి పేరే రావట్లేదు. నాకు ఇవేవీ తెలియవు, అ ఆ నుంచి చెప్పండి.

ముందు ఒకటి చెప్పండి, మీకంటే ముందు ఇంట్లో ఎవరైనా వాటిని తమ ఫోన్‌కి పెట్టి చూశారా? మా ఇంట్లో గొడవంతా అక్కడే వచ్చింది.

పోయిన సంక్రాంతికి నాన్నకి బడ్స్ కొన్నాను. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని దారిలోనే నా ఫోన్‌కి కలిపి ఒక పాట విన్నాను. ఇంటికెళ్ళి ఆయన ఫోన్లో వెతికితే పక్కింటి టీవీ పేరు వస్తోంది, ఎవరిదో స్పీకర్ వస్తోంది, మా బడ్స్ మాత్రం రావు. బడ్స్ పెట్టి ఛార్జ్ చేసే డబ్బా మూసి తెరిచి, ఫోన్ ఆపి మళ్ళీ వేసి, అరగంట తంటాలు పడ్డాం. "వాపసు ఇచ్చేయరా, నా పాత వైరుదే నయం" అని నాన్న. చివరికి టైం చూద్దామని నా ఫోన్ తీస్తే పైన హెడ్‌ఫోన్ గుర్తు! మూత తెరిచిన ప్రతిసారీ అవి ముందు పరిచయమైన ఫోన్‌ని, అంటే నా జేబులో ఉన్నదాన్ని, పట్టుకుంటున్నాయన్నమాట. అలా ఒకదానికి కలిశాక చాలా మోడళ్ళు ఇంకో ఫోన్‌కి కనపడవు. నా ఫోన్లో వాటి పేరు మీద Forget, అంటే మర్చిపొమ్మని, నొక్కి, బ్లూటూత్ కూడా ఆపేస్తే అప్పుడు దారికొచ్చాయి.

మీవి ఎవరూ ముట్టుకోనివైతే ముందు బడ్స్ రెండూ బయటికి తీసి అడుగున చూడండి. ఛార్జింగ్ ఎక్కే చోట సన్నటి ప్లాస్టిక్ పొర అంటించి ఉండొచ్చు. అది తీయకపోతే ఛార్జే ఎక్కదు, ఒక చెవిలోనే వినపడుతోందని షాపు చుట్టూ తిరుగుతారు. పొర తీసి, మళ్ళీ డబ్బాలో పెట్టి, ఒక గంట ఛార్జ్ చేయండి.

తర్వాత బడ్స్ డబ్బాలోనే ఉంచి మూత తెరవండి. లైటు మిణుకుమిణుకుమంటుంటే ఫోన్ కోసం చూస్తున్నాయని అర్థం. మిణకకపోతే డబ్బాకి చిన్న బటన్ ఉందేమో చూసి అయిదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. బటన్ లేని వాటిలో బడ్స్‌నే నొక్కి పట్టుకోవాలి, అది ఎలాగో పెట్టెలో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితం సంగతి ఇంకోటి, చీమ తలకాయంత అక్షరాలు, పది భాషల్లో ఉంటుంది, తెలుగు తప్ప!

లైటు మిణుకుతుండగానే ఫోన్లో Settings, బ్లూటూత్, Pair new device లోకి వెళ్ళండి. ఉత్తినే బ్లూటూత్ ఆన్ చేసి కూర్చుంటే సరిపోదు, మీరు ఆగింది ఇక్కడే అనుకుంటా. పెట్టె మీదున్న పేరు లాంటిది కనపడగానే దాన్ని నొక్కి, అడిగితే Pair అనండి. పేరు కింద Connected అని వస్తే అయిపోయినట్టే. ఇదంతా ఒక్కసారే, రేపటి నుంచి మూత తెరిస్తే వాటంతటవే కలుస్తాయి.

నాన్న ఇప్పుడు ఒక్కటే పెట్టుకుంటారు. రెండోది డబ్బాలో భద్రం, రెండూ వాడితే త్వరగా అరిగిపోతాయట.