పంపు రిపేరు ఫోటోలు కోర్టులో నిలుస్తాయా?

ప్రశ్న: ఒక ఆఫీసు బిల్డింగ్‌కి ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు చేస్తున్నాను. నీళ్ల పంపు కారుతోందంటే మా టెక్నీషియన్లు ఇద్దరు వెళ్లి సీలు, రెండు బేరింగులు మార్చారు. పనికి ముందు, తర్వాత ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వర్క్ ఆర్డర్ యాప్‌లో స్పేర్లు, టైమ్ ఎక్కించారు. 19 రోజులకి పంపు మళ్లీ ఆగింది. "మీరు సామాను మార్చనే లేదు, ఎనిమిది గంటల పని కూడా అబద్ధం" అని బిల్లు ఆపేశారు. ఫోటోలు తీసిన కుర్రాడు ఇప్పుడు మా దగ్గర లేడు. కోర్టుకెళ్తే ఈ ఫోటోలు చెల్లుతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లుతాయి. కానీ మీరు నాకు పంపిన రెండు ప్రింట్లతో మాత్రం పని జరగదు. మొదటి దాంట్లో షాఫ్టు దగ్గర నీళ్లు కారుతున్నాయి. రెండో దాంట్లో అదే పంపు, కింద నేల పొడిగా ఉంది. సీలు లోపల ఉండే వస్తువు. పంపు బిగించాక బయటికి కనపడదు. వాల్వు కట్టేసి నేల తుడిచినా రెండో ఫోటో అచ్చం ఇలాగే వస్తుంది. అవతలి లాయరు అడగబోయే మొదటి ప్రశ్న ఇదే.

మీ కేసుని నిలబెట్టే ఫోటో ఈ రెండింటి మధ్య ఉంది. గ్రూపు చాట్ మొత్తం పంపారు కాబట్టి నాకు కనపడింది. గుడ్డ మీద పాత సీలు పెట్టి ఉంది. దాని నల్లటి కార్బన్ ముఖం మీద గుండ్రంగా గాడి పడింది. పక్కనే కొత్త సీలు డబ్బా, దాని మీద పార్ట్ నంబరు చదవడానికి వస్తోంది. వెనక పంపుకి ఉన్న నంబరు ప్లేటు కూడా ఫ్రేములో పడింది. ఆ కుర్రాడు దాని కింద ఒక్క మాట కూడా రాయలేదు, మీరూ ప్రింటు తీయించలేదు. ఏ పంపు, ఏ పాత సామాను, ఏ కొత్త సామాను అన్న మూడు ప్రశ్నలకి ఆ ఒక్క ఫోటో జవాబు చెబుతుంది.

ఇప్పుడు ఆ పార్ట్ నంబరుని మీరు స్పేర్లు కొన్న బిల్లుతో పోల్చండి. వర్క్ ఆర్డర్‌లో "సీలు 1, బేరింగ్ 2" అని మాత్రమే ఉంది. అది ఎవరైనా రాయగలిగిన మాట. బిల్లు మీది నంబరు, ఫోటోలో డబ్బా మీది నంబరు ఒకటే అయి, బిల్లు తేదీ పనికి ముందుదైతే ఆ మాటకి బలం వస్తుంది. బేరింగుల విషయంలో మాత్రం మీ దగ్గర ఫోటో లేదు. కొన్న బిల్లు, ఇద్దరు టెక్నీషియన్ల నోటిమాట, అంతే. పాత బేరింగులు ఎక్కడైనా మిగిలి ఉంటే పారేయకండి, కవర్లో పెట్టి తేదీ రాసి దాచండి.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది. ఫోన్లో, యాప్‌లో ఉన్నవాటిని ప్రింటుగానో, పెన్‌డ్రైవ్‌లోనో కాపీ తీసి ఇస్తే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. దానికి రెండు భాగాలు. మొదటిది మీ తరఫు వాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోయే అంకె అది, ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఒరిజినల్ ఫోన్‌నే కోర్టుకి తెచ్చి, దాని యజమాని బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సర్టిఫికెట్ కూడా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

అందుకే ఆ కుర్రాడు మీకు కావాలి. మానేశాడని వదిలేయకండి, మర్యాదగా ఫోన్ చేసి అడగండి. ఇవ్వాల్సిన జీతం బాకీ ఏమన్నా ఉంటే ముందు అది తీర్చండి. ఫోన్ మార్చేలోపు, గ్యాలరీ ఖాళీ చేసేలోపు కెమెరా ఫోల్డర్లో ఉన్న అసలు ఫైళ్లు తీసుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సైజు తగ్గిపోతుంది, తీసిన టైమ్ లాంటి లోపలి వివరాలు ఊడిపోతాయి. మీ కేబుల్‌తో కాపీ చేసుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఆ అసలు ఫైళ్లు ఇంకో చిక్కు కూడా విప్పుతాయి. యాప్‌లో పని మొదలు 10:20, ముగింపు 1:05 అని ఉంది. గ్రూపులో ఆఖరి ఫోటో 1:12కి వచ్చింది. పని అయిపోయిన ఏడు నిమిషాలకి ఫోటో ఏమిటని తప్పకుండా అడుగుతారు. 1:12 అన్నది మెసేజ్ వెళ్లిన టైమ్, ఫోటో తీసిన టైమ్ కాదు. పంపు ఉన్నది సెల్లార్‌లో, అక్కడ సిగ్నల్ సరిగా ఉండదని మీరే రాశారు. అసలు ఫైలులో 1:05కి ముందు టైమ్ ఉంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగుతుంది. లేకపోతే జరిగింది జరిగినట్టు చెప్పాలి. యాప్‌లోకి వెళ్లి ముగింపు టైమ్ మాత్రం దిద్దొద్దు. ఎవరు ఎప్పుడు దిద్దారో చాలా యాప్‌లు లోపల దాచుకుంటాయి. అది బయటపడితే నిజంగా చేసిన పని కూడా అబద్ధంలా కనపడుతుంది. పైగా కోర్టు కోసం దొంగ సాక్ష్యం తయారుచేయడం నేరం.

గంటల దగ్గర మీరు కొంచెం తగ్గక తప్పదు. 10:20 నుంచి 1:05 దాకా రెండు గంటల 45 నిమిషాలు. ఇద్దరు మనుషులకి ఐదున్నర గంటలు. బిల్లులో ఎనిమిది వేశారు. మిగతా రెండున్నర గంటలు స్పేర్లు తేవడానికి వెళ్లిన టైమ్ అంటున్నారు. కాంట్రాక్టులో ప్రయాణం టైమ్‌కి డబ్బు ఇస్తామని ఉందా చూడండి. లేకపోతే నోటీసు పంపేముందే మీరే ఐదున్నరకి సవరించి కొత్త బిల్లు ఇవ్వండి. ఈ రెండున్నర గంటల కోసం పట్టుబడితే సీలు ఫోటో మీద జడ్జికి కలిగిన నమ్మకం కూడా సడలుతుంది.

టెక్నీషియన్లు బోనెక్కినప్పుడు వర్క్ ఆర్డర్ మరో రకంగా ఉపయోగపడుతుంది. పని అయిన వెంటనే తాను రాసుకున్నది చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి కొత్త సాక్ష్య చట్టంలోని సెక్షన్ 162 సాక్షికి అవకాశం ఇస్తుంది. కాబట్టి ఆ రోజు ఎవరి లాగిన్‌తో ఎవరు ఎక్కించారో ఇప్పుడే కనుక్కోండి. ఇద్దరిలో రాసినవాడే ఆ విషయం చెప్పాలి.

19 రోజులకి పంపు ఎందుకు ఆగిందన్నది వేరే ప్రశ్న. సామాను మార్చారా అన్నదానికి ఫోటోలు జవాబిస్తాయి, సరిగ్గా బిగించారా అన్నదానికి ఇవ్వవు. నీళ్లు లేకుండా పంపు తిరిగినా సీలు పోతుంది, మోటారు, పంపు ఒక వరుసలో లేకపోయినా పోతుంది. మొదటిది వాళ్ల వైపు తప్పు కావచ్చు, రెండోది మీ మీదికి వస్తుంది. కప్లింగు వరుస చూసిన రీడింగు గానీ, నడిపాక ప్రెషర్ గేజ్ ఫోటో గానీ మీ దగ్గర లేవు. ఇది మీ కేసులో బలహీనమైన చోటు. పాడైన సీలుని, బేరింగుల్ని పారేయకుండా ఉంచమని, మీ మనిషిని, ఒక నిపుణుణ్ణి చూడనివ్వమని ఈరోజే రాతపూర్వకంగా అడగండి. వాళ్లు కాదంటే ఆ ఉత్తరమే తర్వాత మీకు పనికొస్తుంది.

కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే కోర్టు కాదు, ముందు అక్కడికే వెళ్లాలి. లేకపోతే సివిల్ దావా. చెల్లింపు గడువు ఏదీ రాసుకోకపోతే పని చేసిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. ముందుగా లాయరు నోటీసు పంపండి. సవరించిన బిల్లు, స్పేర్లు కొన్న బిల్లు, ఆ మధ్య ఫోటో జతచేసి పంపండి. పొడి నేల ఫోటోని దానికి ముందు పెట్టొద్దు.