జాడీకి వాసెన కట్టిన క్యాప్షన్

"ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతుంటాం. ఫోటోలకు, చిన్న వీడియోలకు క్యాప్షన్ తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పెట్టాలా? జనం దేనికి బాగా స్పందిస్తున్నారో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?"

మాది తెనాలి. మా అత్తయ్య పెట్టే ఊరగాయల ఫోటోలను ఆరేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టి అమ్ముతున్నాను. మొదటి రెండేళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. ఇప్పుడు చెప్పవలసిన సంగతంతా తెలుగు లిపిలో రాసి, చివర ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచుతున్నాను. భాషాభిమానం సంగతి తర్వాత, నన్ను మార్చింది మాత్రం జాడీ మూతికి కట్టిన ఒక గుడ్డ.

ఆవకాయ కలిపిన రోజున జాడీ మూతికి పలుచని నూలుబట్ట కట్టి, మూడో రోజున విప్పి తిరగకలపడం మా ఇంటి పద్ధతి. అత్తయ్య ఆ ముడి వేస్తుండగా వీడియో తీసి, దాని కింద jadi moothiki gudda katti moodu rojulu unchali అని రాశాను. రాసింది నేనే గనుక నా కంటికి అది గుడ్డగానే కనిపించింది. గంట తిరగకుండా కామెంట్లలో నవ్వు బొమ్మలు బారులు తీరాయి. మన డ, ద రెండూ ఇంగ్లీషులో d అనే ఒక్క అక్షరంలోనే సర్దుకోవాలి కదా. అక్కడ డ కాక ద అనుకుని చదివితే వచ్చే మాట నలుగురిలో పలకరానిది. ఆ కామెంట్లను ఎవరైనా అత్తయ్యకు చదివి వినిపిస్తారేమోనన్న భయంతో వెంటనే పోస్టు తీసేశాను.

మర్నాడు తెలివిగా మాట మార్చాననుకున్నాను. జాడీ మూతికి అలా బట్ట కట్టడాన్ని పెద్దవాళ్లు వాసెన కట్టడం అంటారు. అదే వీడియోకు jadiki vasena kattali అని రాసి మళ్లీ పెట్టాను. ఈసారి నవ్వులు రాలేదు కానీ, "vasana enduku kattali andi, vasana pokunda na?" అని ఒకావిడ అమాయకంగా అడిగారు. మరొకాయన నేను అక్షరం తప్పు కొట్టాననుకుని e తీసి a పెట్టమని సలహా ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. వాసెన అన్న మాట తెలియని మనిషికి vasena అన్న అక్షరాలు కనిపిస్తే, తనకు తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా ఉన్న వాసన దగ్గరికే మనసు పోతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును మనం చదవం, పోల్చుకుంటాం. ముందే తెలిసిన మాట అయితే naku అన్నా naaku అన్నా, vachindi అన్నా vacchindi అన్నా ఇట్టే పోల్చుకుంటాం, ఇబ్బందే ఉండదు. తెలియని మాట, అరుదైన మాట, లేదా దీర్ఘం ఒక్కటి మారితే వేరే అర్థమిచ్చే మాట తగిలినప్పుడు పోల్చుకోవడానికి ఆధారం దొరకదు. పెద్దక్షరాలు వాడి తేడా చూపించే పద్ధతి లేకపోలేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపిలోకి మార్చే లేఖినిలో guDDa అని కొడితే గుడ్డ అనే వస్తుంది. అయితే ఆ పద్ధతి తెలిసినది కొట్టేవాళ్లకే. చదివేవాళ్లకు నడుమ నిలబడ్డ పెద్ద D ఏదో వేలు తగిలి పడినట్టే కనిపిస్తుంది.

మూడో దెబ్బ కొలతల దగ్గర తగిలింది, అది నవ్వుకుని వదిలేయదగినది కాదు. mukkalu nalugu pallu, karam okati, avapindi okati అని రాశాను. ముక్కలు నాలుగు పాళ్లు ఉంటే కారం, ఆవపిండి ఒక్కో పాలు చొప్పున వేయాలని నా ఉద్దేశం. "నాలుగు పళ్లు అంటే పెద్ద కాయలా, చిన్న కాయలా?" అని ఒకమ్మాయి మెసేజి పెట్టింది. ఆమె నాలుగు మామిడికాయలకు ఒక గిన్నె కారం సిద్ధం చేసుకుని కూర్చుంది! అడిగింది గనుక సరిపోయింది, అడగకుండా కలిపేసినవాళ్లు ఎందరున్నారో అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను వదలలేదు. తెలుగు లిపిలో పాళ్లు అని రాస్తే ఆ దీర్ఘమే అనుమానాన్ని తీర్చేది. (తెలుగు లిపిలోనూ పాలు అన్న మాటకు వాటా అనీ, తాగే పాలు అనీ రెండర్థాలు ఉన్నాయి గనుక, ఇప్పుడు "ఒక పాలు" అని రాయడం మానేసి "ఒక గిన్నె" అంటున్నాను. లిపి మార్చినంత మాత్రాన అన్ని చిక్కులూ తీరిపోవు.)

ఆ తర్వాత వాసెన వీడియోనే మూడోసారి, తెలుగు లిపిలో క్యాప్షన్ రాసి పెట్టాను. స్పందనలో తేడా ఆ రోజే తెలిసింది. అంతవరకూ నా పేజీలో ఎన్నడూ నోరు విప్పని పెద్దవాళ్లు పలకడం మొదలుపెట్టారు. వాసెన అన్న మాట విని ఎన్నాళ్లయిందో అని ఒకరు, మా అమ్మ తన పాత నేతచీర చెంగు చింపి కట్టేదమ్మా అని ఒకరు, గుడ్డ మీద మళ్లీ మూత పెట్టాలా వద్దా అని ఒకరు రాశారు. వీళ్లంతా నా పాత క్యాప్షన్లు కూడా చూసినవాళ్లే. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివే ఓపిక లేక బొమ్మ చూసి దాటేసేవాళ్లమని వాళ్లలో ఒకావిడ ఫోనులో చెప్పారు. చూపు లేని ఒక కస్టమరు చెప్పిన సంగతి నాకు అసలు తట్టనిది. ఆయన ఫోను తెలుగు లిపిని తెలుగు గొంతుతో చదివి వినిపిస్తుందట. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును మాత్రం ఇంగ్లీషు మాటలనుకుని ఏదో గొణుగుతుందట.

అయితే మీరు లెక్క వేసుకునేటప్పుడు ఒక పొరపాటు చేయకండి. తెలుగు లిపిలో పెట్టిన క్యాప్షన్ కింద కూడా కామెంట్లు ఎక్కువగా super andi, rate entha అన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లోనే వస్తాయి. అవి చూసి, వీళ్లకు తెలుగు లిపి రాదు కాబోలు, మనమూ అలాగే రాయాలి అనుకుంటే తప్పుదారి పట్టినట్టే. చదవడం వేరు, వేళ్లతో కొట్టడం వేరు. మామూలు ఫోన్ల కాలంలో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పట్టేవి, తెలుగైతే 70 దాటేవి కావు, పైగా తెలుగు కీబోర్డే ఉండేది కాదు. చేతికి అప్పుడు పట్టిన అలవాటు ఇంకా వదల్లేదు, అంతే. మా మరిది తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతాడు, నాకు మెసేజి మాత్రం vadina carry bag unda అని పెడతాడు.

ఈ మార్పు వల్ల నాకు దూరమైనవాళ్లూ ఉన్నారు. మా పెద్దమ్మ మనవరాలు బెంగుళూరులో పుట్టి పెరిగింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ లిపి నేర్చుకోలేదు. "పిన్నీ, ఇదివరకు నీ పోస్టులు చదివేదాన్ని, ఇప్పుడు బొమ్మలు చూస్తున్నాను" అంది. అమెరికాలో ఉన్న పిల్లల్లోనూ ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, పైగా పెద్ద ఆర్డర్లు ఇచ్చేది ఎక్కువగా వాళ్లే. చివర ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంచుతున్నానని పైన చెప్పింది వీళ్ల కోసమే. Kotha avakaya ready, order kosam message cheyandi లాంటి వాక్యంలో ఎవరూ పొరబడే మాట ఒక్కటీ ఉండదు, పోల్చుకోవడానికి శ్రమ పడనక్కరలేదు. అదే వాక్యాన్ని పైన పెట్టి తెలుగు లిపిని కిందికి తోస్తే, క్యాప్షన్ రెండు వరుసల దగ్గర మడతపడిపోవడం వల్ల పెద్దవాళ్లు తెలుగు ఉన్నదని గమనించకుండానే పోయారు. అందుకే తెలుగు ఎప్పుడూ పైనే ఉండాలి. హ్యాష్‌ట్యాగులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడుతున్నాను, మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది avakaya అని కొట్టి వెతికి వచ్చినవాళ్లే.

బొమ్మ మీదనే అక్షరాలు వేసేటట్టయితే ఇంకో జాగ్రత్త అవసరం. క్యాప్షన్‌లో చక్కగా కనిపించిన తెలుగు, కొన్ని వీడియో యాప్‌లలో బొమ్మ మీదికి ఎక్కేసరికి ఒత్తులు విడిపోయి, ముక్కలు అన్నది ముక్ కలు అయి కూర్చుంటుంది. అక్షరాన్నీ ఒత్తునూ కలిపి అమర్చే పని ఆ యాప్‌కు చేతకాదన్నమాట. అలాంటి వీడియో ఒకటి చూసుకోకుండా పెట్టాను. "ముక్ కలు" ఎంతకిస్తారని రెండు రోజులపాటు ఆటపట్టించారు. ఇప్పుడు ఏ యాప్ అయినా మొదట ముక్కలు, నువ్వులు, ఎర్రగా అని మూడు మాటలు కొట్టి చూసుకున్నాకే వాడుతున్నాను. ఒత్తులు సరిగ్గా పడినా వరుసల మధ్య ఎడం చాలకపోతే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద వాలి రెండూ చదవరాకుండా పోతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడాన్ని తెలుగుకు కాస్త పెంచుకోవలసిందే. లేబుల్ అచ్చు వేసిన డీటీపీ షాపు ఫైలులోంచి మాటలు కాపీ చేసుకుంటే యూనికోడ్ కాని పాత ఫాంటు వల్ల గజిబిజి గుర్తులు వస్తాయి. దాంతో కుస్తీ పట్టకుండా మళ్లీ టైపు చేసుకోవడమే నయం.

మీవి పిండివంటలు గనుక చెబుతున్నాను, పాకాల పేర్ల దగ్గర మరీ జాగ్రత్త పడండి. అరిసెలకు ఉండపాకం రావాలని చెప్పడానికి unda pakam అని రాశారంటే, పాకం ఉందా అని మీరే ఎవరినో అడుగుతున్నారనుకుని "undi andi, kilo entha kavali?" అని జవాబిచ్చేవాళ్లు ఒకరైనా తప్పక తయారవుతారు.