ఫీజులో 25 డాలర్లు తగ్గితే ఎక్కడ వెతకాలి

ప్రశ్న: మా నాన్న విజయవాడ నుంచి ఫాల్ సెమిస్టర్ ఫీజు 11,480 డాలర్లు పంపారు. యూనివర్సిటీ స్టూడెంట్ అకౌంట్లో మాత్రం 11,455 అనే చూపిస్తోంది. బ్రాంచి వాళ్లు మొత్తం పంపేశామంటూ స్విఫ్ట్ కాపీ ఇచ్చారు. ఆ 25 ఎవరు తీసుకున్నారు? ఎక్కడ చూడాలి?

జవాబు:

తీసుకున్నది ఒక్కరే కాకపోవచ్చు. మన బ్యాంకు డాలర్లు విజయవాడలో ఉండవు, న్యూయార్క్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకులో మన బ్యాంకు పేరున ఉన్న ఖాతాలో ఉంటాయి. దాన్నే నాస్ట్రో ఖాతా అంటారు. బ్రాంచిలో ఫారం ఇవ్వగానే ఆ న్యూయార్క్ బ్యాంకుకి ఒక మెసేజ్ వెళ్తుంది. అది తన ఛార్జీ మినహాయించుకుని మిగతాది యూనివర్సిటీ బ్యాంకుకి పంపుతుంది. బయటి నుంచి వైర్ వచ్చినందుకు యూనివర్సిటీ బ్యాంకు కూడా కొంత పట్టుకోవచ్చు. 25 అంటే చాలాసార్లు ఈ రెండూ కలిసిన లెక్కే.

బ్రాంచి వాళ్లు చెప్పిందీ అబద్ధం కాదు. వాళ్లిచ్చిన స్విఫ్ట్ కాపీ డబ్బు ఇక్కడి నుంచి బయల్దేరినప్పటి మెసేజ్. దారిలో ఏం తగ్గిందో అందులో ఉండే అవకాశమే లేదు. ఆ కాగితం పట్టుకుని ఫీజు ఆఫీసుకి వెళ్తే వాళ్లు తల అడ్డంగా ఊపుతారు, ఎందుకంటే వాళ్లకి చేరింది 11,455 మాత్రమే. అయినా ఆ కాపీలో ఒక లైను మీకు పనికొస్తుంది. `71A` అన్నచోట `SHA` ఉందా, `OUR` ఉందా, `BEN` ఉందా చూడండి. `SHA` అంటే మీ బ్రాంచి ఛార్జీ మీ నాన్నగారు కడతారు, అవతలి బ్యాంకుల ఛార్జీలు పంపిన డబ్బులోంచే పోతాయి. `OUR` అంటే అన్నీ పంపేవాళ్లవే. `BEN` అంటే అన్నీ అందుకునేవాళ్లవే. మీ కాపీలో `SHA` ఉంటుందనే నా గట్టి నమ్మకం. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తే కౌంటర్లో వేసేది సాధారణంగా అదే.

కోత కనబడేది యూనివర్సిటీ బ్యాంకుకి చేరిన మెసేజ్‌లో. 2025 ఆగస్టు 18న పంపిన డబ్బు, దారిలో 15 తగ్గింది అనుకుంటే, అది ఇలా ఉంటుంది:

```
:32A:250818USD11465,
:33B:USD11480,
:71A:SHA
:71F:USD15,
```

`33B` మీ నాన్నగారు పంపమన్న మొత్తం. `71F` దారిలో బ్యాంకు పట్టుకున్నది. ఇద్దరు పట్టుకుంటే ఆ లైను రెండుసార్లు వస్తుంది. `32A` చివరికి చేతులు మారిన మొత్తం. 11,480లోంచి 15 పోతే 11,465, అంతవరకూ లెక్క సరిపోయింది. కానీ మీ అకౌంట్లో పడింది 11,455. అంటే మిగిలిన 10 యూనివర్సిటీ బ్యాంకు, డబ్బు తన దగ్గరికి వచ్చాక తీసుకున్నది. అది ఈ మెసేజ్‌లో ఉండదు. 2025 నవంబరు తర్వాత బ్యాంకులు ఈ మెసేజ్‌ల కొత్త ఫార్మాట్‌కి మారాయి. అందులో ఇవే సంగతులు `InstdAmt`, `ChrgsInf`, `IntrBkSttlmAmt` అనే పేర్లతో ఉంటాయి, `SHA` బదులు `SHAR` అని, `OUR` బదులు `DEBT` అని రాస్తారు.

ఈ మెసేజ్ మీ చేతికి రావడం కష్టమే, యూనివర్సిటీ దాన్ని విద్యార్థికి ఇవ్వకపోవచ్చు. దానికి తేలిక దారి ఉంది. స్విఫ్ట్ కాపీలో `UETR` అని 36 అక్షరాల నంబరు ఉంటుంది, మధ్యలో నాలుగు అడ్డగీతలతో. మీ నాన్నగారిని ఆ నంబరుతో బ్రాంచికి వెళ్లి "దీన్ని జీపీఐ ట్రాకర్‌లో చూసి ప్రింటు ఇవ్వండి" అని అడగమనండి. దారిలోని బ్యాంకులు ఆ వివరాలు నమోదు చేసి ఉంటే ఏ బ్యాంకులో ఎప్పుడు ఆగింది, ఎంత తీసుకుంది అన్నది అందులో వస్తుంది. చిన్న బ్రాంచిలో "మాకు తెలీదు" అనొచ్చు. అప్పుడు ఆ బ్యాంకు ఫారెక్స్ విభాగానికి అదే నంబరు మెయిల్ చేయించండి. కస్టమర్ అడిగితే చూసి చెప్పాల్సిన విషయమే ఇది, మొహమాటపడక్కర్లేదు.

తగ్గిన మొత్తాన్ని చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. 10, 15, 25 లాంటి గుండ్రటి అంకె అయితే బ్యాంకు ఛార్జీ. అకౌంట్లో 11,412.37 లాంటి చిల్లర అంకె పడితే ఛార్జీల జోలికి వెళ్లకండి. ఎక్కడో డబ్బు మారకం జరిగినట్టు. ఫారంలో డాలర్ల మొత్తం రాయకుండా "ఇన్ని రూపాయలకి వచ్చినన్ని డాలర్లు" అని పంపితే ఇలాగే అవుతుంది.

స్ప్రింగ్ ఫీజుకి ఫారంలో `OUR` రాయించండి. అయితే దానికీ ఒక హద్దుంది. అమెరికాకి వెళ్లే డాలర్లలో `OUR` అని రాసినా చివరి బ్యాంకు తన ఇన్‌కమింగ్ ఫీజు పట్టుకోవచ్చు, దాన్ని ఆ గడి ఆపలేదు. కొన్ని బ్యాంకులు పూర్తి మొత్తం చేరుతుందని హామీ ఇచ్చే రకం వైర్ కూడా పెట్టాయి, ఉందేమో అడిగి ఎంత అదనమో ముందే తెలుసుకోండి. యూనివర్సిటీ ఫ్లైవైర్ లాంటి పేమెంట్ సంస్థతో ఒప్పందం పెట్టుకుని ఉంటే రూపాయల్లో కడితే సరిపోతుంది, బిల్లు మొత్తం అలాగే జమవుతుంది. అక్కడ చూసుకోవాల్సింది వాళ్ల రేటు.

రేటు అన్నాను కాబట్టి నాకు ఎప్పుడూ మండే సంగతి ఒకటి చెప్పాలి. అందరూ ఈ 25 డాలర్ల కోసం వెతుకుతారు, ఇంటి దగ్గర పాస్‌బుక్కులో పడ్డ రూపాయల డెబిట్ వైపు ఎవరూ చూడరు. బ్యాంకు వేసిన రేటుకీ ఆ రోజు మార్కెట్ రేటుకీ డాలరుకు ఒక్క రూపాయి తేడా ఉన్నా 11,480 డాలర్ల మీద 11,480 రూపాయలు. 25 డాలర్లకి ఇది ఎన్నో రెట్లు, కానీ ఏ స్టేట్‌మెంట్లోనూ "ఛార్జీ" అన్న పేరుతో కనబడదు. ఫారం ఇచ్చేముందు రేటు అడిగి, రెండో బ్యాంకులోనూ అడిగి చూడమనండి.

రూపాయల డెబిట్‌లో ఇంకో రెండు లైన్లు ఉండొచ్చు. మారకం మీద జీఎస్టీ: డాలరు 88 అనుకుంటే మొత్తం 10,10,240 రూపాయలు, దాని మీద సుమారు 992 రూపాయలు. ఇది పోయిన డబ్బే. విదేశాలకి పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను, టీసీఎస్, అలా కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపింది 10 లక్షలు దాటితే, దాటినంత మీదే అది పడుతుంది. పంపినవాళ్ల పాన్ మీద ఉండే పన్ను స్టేట్‌మెంట్లో కనబడుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు, వాపసూ వస్తుంది. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌తో పంపిన ఫీజుకి టీసీఎస్ లేదు. లోన్ డబ్బు మీద అది పట్టుకుని ఉంటే వెంటనే బ్రాంచిలో అడగాలి.

ఇక ఇప్పుడు మీ అకౌంట్లో ఇంకా బాకీ ఉన్న 25. ఇండియా నుంచి మళ్లీ వైర్ పంపించొద్దు, దానికి అయ్యే ఛార్జీలే ఆ 25ని తినేస్తాయి. మీ అమెరికా బ్యాంకు ఖాతా నుంచి యూనివర్సిటీ పోర్టల్‌లో ఈ-చెక్‌తో కట్టేయండి. కార్డుతో కడితే చాలాచోట్ల అదనంగా శాతం వేస్తారు. గడువు తేదీలోపే కట్టండి. బాకీ 25 డాలర్లే అయినా దాటితే లేట్ ఫీజు పడొచ్చు, రిజిస్ట్రేషన్‌కి హోల్డ్ పెట్టొచ్చు. కట్టాక బ్యాలెన్స్ 0.00 అని చూపిస్తున్న పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. లోన్ ఉంటే తర్వాతి వాయిదా విడుదలకి బ్యాంకు ఫీజు రసీదు అడుగుతుంది, అందులో 11,455, 25 రెండు విడి లైన్లుగా కనబడాలి.