ఇంటర్వ్యూలో బలహీనత అడిగినప్పుడు: నా మొహమాటం, ఒక చీనీ తోట

ప్రశ్న: వచ్చే వారం కర్నూలులో ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. మీ బలహీనత ఏమిటని అడిగితే, బట్టీ పట్టినట్టు ఉండకుండా, అబద్ధమూ చెప్పకుండా ఎలా జవాబివ్వాలి?

జవాబు:

నేను అనంతపురంలో డ్రిప్ పరికరాలు అమర్చే పనిలో ఉన్నాను. మొదటి ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్నకు, 'ప్రతి పనీ లోపం లేకుండా చేయాలనుకుంటాను, అందుకే ఆలస్యమవుతుంది' అని చెప్పాను. ఎదుట కూర్చున్న ఆయన, 'చివరిసారి అలా ఎప్పుడు ఆలస్యమైంది, ఏ పనిలో?' అని మామూలుగానే అడిగారు. నా దగ్గర చెప్పడానికి ఒక్క సంఘటన కూడా లేదు. బట్టీ పట్టిన జవాబు బయటపడేది మొదటి మాటలో కాదు, ఇలాంటి రెండో ప్రశ్న దగ్గరే. కాబట్టి ముందుగా వెతకవలసింది బలహీనతకు మంచి పేరు కాదు, దాని వల్ల నిజంగా జరిగిన ఒక నష్టం.

నా విషయంలో ఆ నష్టం ఒక చీనీ తోటలో జరిగింది. నాలుగు ఎకరాల్లో సుమారు 450 చెట్లు, చెట్టుకు గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగేసి. అంటే అన్నీ ఒకేసారి నడవాలంటే గంటకు 7,200 లీటర్ల నీరు కావాలి. బోరులో రెండించుల నీళ్లు నిండుగా వస్తాయని తోట యజమాని చెప్పారు. ఆయన మా నాన్న వయసువారు. ఆయన ఎదుటే డ్రమ్ము పెట్టి కొలిస్తే, మాట నమ్మలేదని నొచ్చుకుంటారేమోనన్న మొహమాటంతో నేను కొలవకుండానే లెక్క వేసేశాను. పైపులు పరిచాక చివరి వరుసల్లో నీటి చుక్క కూడా రాలేదు. అప్పుడు కొలిస్తే, 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది, అంటే గంటకు 4,800 లీటర్లే. తోటను రెండు భాగాలు చేసి, విడివిడి వాల్వులు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తడిపేలా మార్చవలసి వచ్చింది. ఆ ఖర్చు కంపెనీ మీద పడింది, రైతుకు వేసవిలో పది రోజులు పోయాయి.

తరువాతి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు, 'మొహమాటం, సార్. పెద్దవారు చెప్పిన మాటను వారి ముందే సరిచూడటానికి వెనకాడతాను' అని చెప్పి, ఈ సంగతిని ఒకటి రెండు నిమిషాల్లో వివరించాను. ఆ తర్వాత మా సర్వే ఫారంలో డ్రమ్ము నిండిన సమయం రాసే గడిని నేనే అడిగి పెట్టించుకున్నానని, ఫారం అడుగుతోంది కాబట్టి కొలవడం ఇప్పుడు ఎవరికీ అవమానంగా అనిపించడం లేదని కూడా చెప్పాను. 'అయితే మీ మొహమాటం పోయిందన్నమాట' అన్నారు. పోలేదని చెప్పాను. కొలతల దగ్గర తగ్గింది కానీ, బాకీ అడగవలసి వచ్చినప్పుడు ఇప్పటికీ నోరు రాదని, అందుకే చెల్లింపు తేదీలను ఒప్పందం రోజే కాగితం మీద రాయించుకుంటున్నానని వివరించాను. ఈ మిగిలిన భాగాన్ని దాచకండి. 'ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు పూర్తిగా సరిదిద్దుకున్నాను' అని ముగిస్తే, మీరు చెప్పింది బలహీనత కాదు, పాత కథ అవుతుంది.

సాధన చేసేటప్పుడు వాక్యాలు రాసుకోవద్దు. ఏం జరిగింది, ఎవరికి నష్టం కలిగింది, నేనేం మార్చుకున్నాను, ఇంకా ఏం మిగిలింది అనే నాలుగు సంగతులను మాత్రమే మనసులో పెట్టుకుని, మధ్యలో అడ్డుతగిలే మనిషికి చెప్పి చూడండి. నేను మా అక్కకు చెప్పాను. సగంలోనే ఆపి, 'ఆ రైతు ఏమన్నాడు నిన్ను?' అని అడిగింది. 'ముందే కొలిచి ఉంటే నేనే డ్రమ్ము తెచ్చి ఇచ్చేవాణ్ణి కదయ్యా' అని ఆయన అన్న మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంటర్వ్యూ చేసిన ఇద్దరినీ ఎక్కువగా ఆకట్టుకున్నదీ ఆ మాటే. రాసుకున్న వాక్యాల్లో అది లేనే లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. బాకీలు వసూలు చేసే ఉద్యోగానికి వెళ్లి నేను ఈ మొహమాటం గురించే చెబితే, ఆ పనికి పనికిరానని చెప్పుకున్నట్టే. మనలో ఉన్న నిజమైన లోపాల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని చెప్పడం అబద్ధం కాదు. కానీ, 'డబ్బు గట్టిగా అడగగలరా?' అని వారు సూటిగా అడిగితే, అడగగలనని చెప్పడం మాత్రం అబద్ధమే. అలాంటి చోట ఉన్నదున్నట్టు చెప్పి, ఆ ఉద్యోగం రాకపోతే ఒప్పుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చేరిన మొదటి నెలలోనే ఆ సంగతి వారికి ఎలాగూ తెలిసిపోతుంది.