జాబితాలు సరిచూడటం ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తోంది. గ్రాట్యుటీ ఆడిట్ అంటూ రోజూ ఉద్యోగుల జాబితాలు సరిచూడటమే పని. లెక్కల్లో దిట్ట. ఇది మానిపించి ఆక్చువరీ పరీక్షలకు పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: అమ్మాయి గుమస్తా పనిలో ఇరుక్కుపోయిందని మీ బెంగ. లేదండీ. గ్రాట్యుటీ లెక్క తప్పేది చాలాసార్లు ఆ జాబితా దగ్గరే. ఉద్యోగులకు ముందు ముందు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఈ రోజు కంపెనీకి ఎంత అప్పో అంచనా కట్టేది ఆక్చువరీ. వాళ్లు కంపెనీ ఇచ్చిన డేటా మీదే లెక్క కడతారు, ఆ సంగతి నివేదికలోనూ రాస్తారు. ఆ డేటా నమ్మదగ్గదో కాదో తేల్చుకోవాల్సింది ఆడిటరే.

ఒక ఉదాహరణ చూడండి. ఒక ఉద్యోగి 2009 జూన్ 1న చేరాడు. బేసిక్, డీఏ కలిపి నెలకు 52,000. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాది సర్వీసుకు 30,000. 2025 మార్చి 31 నాటికి 15 ఏళ్ల 10 నెలలు, అంటే 16 ఏళ్లుగా లెక్క. ఆ రోజు మానేస్తే 4.8 లక్షలు రావాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాతవాళ్లందరికీ చేరిన తేదీ 2019 ఏప్రిల్ 1 అని పడిందనుకోండి. ఆరేళ్లే కాబట్టి 1.8 లక్షలు. ఒక్క మనిషి దగ్గరే 3 లక్షల తేడా. తలల లెక్క మాత్రం చక్కగా సరిపోతుంది! అందుకే చేరిన తేదీల వరుసలో జాబితాను పేర్చి, ఒకే తేదీ కింద గుంపుగా ఉన్నవాళ్ల నియామక పత్రాలు తీయించాలి.

ఆ తర్వాత, ఆక్చువరీ లెక్కకు వాడే అంచనాలు. రేపు ఇవ్వాల్సిన డబ్బును ఈ రోజు విలువకు మార్చే డిస్కౌంట్ రేటును ప్రభుత్వ బాండ్ల రాబడితో పోల్చుకోవచ్చు, అది తేలిక. చిక్కంతా ఏటా ఎంతమంది మానేస్తారన్న దగ్గర. సగటున 400 మంది ఉన్నచోట 32 మంది మానేస్తే 8 శాతం. కంపెనీ 20 శాతమని రాసిస్తే ఎందుకని అడగాలి. ఐదేళ్లు నిండకుండా వెళ్లేవాళ్లకు మామూలుగా గ్రాట్యుటీ రాదు కాబట్టి, ఆ శాతం పెంచితే కంపెనీ గ్రాట్యుటీ అప్పు సాధారణంగా తగ్గి కనిపిస్తుంది. జీతాల పెంపు అంచనాదీ ఇదే కథ: మూడేళ్లుగా 9 శాతం పెంచుతూ, ఇకపై 5 శాతమే అంటే ఆధారం చూపించాలి.

ఇక ఆక్చువరీ సంగతి. ఈ మధ్య ‘లెక్కలు బాగా వస్తే ఆక్చువరీ’ అనడం ఫ్యాషనైంది. నాకు అంత నమ్మకం లేదు. అక్కడ కావాల్సింది సంభావ్యత, గణాంకాల మీద ఏళ్ల తరబడి నిలిచే ఆసక్తి. మార్కుల జాబితాలో అది కనిపించదు. పైగా ఉద్యోగాలు ఎక్కువగా బీమా వైపు. ఆర్టికల్‌షిప్ మధ్యలో మానిపించి మరో పొడవాటి పరీక్షల వరుసలోకి తోయడం అమ్మాయి కోసమా, చుట్టాల్లో చెప్పుకోవడానికా? కోపం తెచ్చుకోకండి గానీ, మీ ఉత్తరంలో అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు.

ప్రస్తుతానికి ఒక్కటి చేయమనండి. జాబితా పని అయ్యాక, మానేసేవాళ్ల శాతాన్ని గత మూడేళ్ల రికార్డులతో పోల్చే పని తనకిమ్మని సీనియర్‌ని అడగాలి. అది చేస్తూ ఆ అంకెల వెనక సూత్రం మీద తనకే ఆసక్తి కలిగితే, ఆర్టికల్‌షిప్ పూర్తయ్యాక ఆక్చువరీ గురించి మాట్లాడుకుందాం.