ఫౌండ్రీకి మెయిల్ రాసే ముందు మీ యాప్ పంపే పీడీఎఫ్ ఒకటి తెరిచి చూడండి

ప్రశ్న: వెబ్‌సైట్ కోసం ఒక తెలుగు ఫాంట్‌కి లైసెన్స్ కొన్నాం. ఇప్పుడు మొబైల్ యాప్ చేస్తున్నాం. అదే ఫాంట్ యాప్‌లో కూడా వాడుకోవడానికి, దాన్ని తయారుచేసి అమ్మిన ఫౌండ్రీకి మెయిల్ ఎలా రాయాలి? రేటు తగ్గించమని అడగొచ్చా?

రేటు సంగతి తర్వాత. ముందు మీ యాప్ ఆ ఫాంట్‌తో ఏమేం చేస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. మేం ఆ పని చేయకుండా మెయిల్ పంపి మూడు వారాలు పోగొట్టుకున్నాం.

మాది బరంపురం. కిరాణా, బట్టల కొట్ల వాళ్లకి అప్పు ఖాతాలు రాసుకునే యాప్ చేస్తున్నాం, నేనూ మా బావా. గంజాం జిల్లాలో కొట్లు ఎలా ఉంటాయో ఇటువైపు వాళ్లకి తెలుసు. బోర్డు ఒడియాలో ఉంటుంది, ఖాతా పుస్తకం తెలుగులో ఉంటుంది, బేరం రెండు భాషల్లోనూ నడుస్తుంది. ఒకే బిల్లులో పైన ఒడియా, కింద తెలుగు వచ్చినప్పుడు ఒకటి లావుగా, ఒకటి పీలగా ఉంటే నాకు అస్సలు నచ్చదు. అందుకే రెండు లిపులూ కలిపి గీసిన ఫాంట్ ఫ్యామిలీ వెతికి మరీ కొన్నాం. తెలుగు రెగ్యులర్, బోల్డ్, ఒడియా రెగ్యులర్, బోల్డ్, మొత్తం నాలుగు ఫైళ్లు. అప్పట్లో తీసుకున్నది రెండు కంప్యూటర్లకి డెస్క్‌టాప్ లైసెన్స్, మా సైట్‌కి వెబ్ లైసెన్స్. అంతే.

యాప్ మొదలుపెట్టాక నేను రాసిన మొదటి మెయిల్ ఇది: "మీ ఫాంట్లు మా దగ్గర ఉన్నాయి. ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లలో వాడుకోవాలి. ఎంతవుతుందో త్వరగా చెప్పగలరు." వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. నేను 'యాప్‌లు' అన్నాను కాబట్టి రెండు యాప్‌లుగా లెక్క వేశారు. వాడేవాళ్లు ఎంతమందో చెప్పలేదు కాబట్టి పెద్ద స్లాబు పెట్టారు. చివర్లో నాలుగు ప్రశ్నలు కూడా అడిగారు. మేం ఆ ప్రశ్నలు చదవకుండా అంకె ఒక్కటే చూశాం. మా బావకి టెన్షన్ వచ్చేసింది. "ఈ డబ్బుతో ఒక కుర్రాడికి రెండు నెలలు జీతం ఇవ్వొచ్చు, ఏదో ఫ్రీ ఫాంట్ పెట్టేద్దాం బావా" అన్నాడు.

ఫ్రీ ఫాంట్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. గిడుగు, మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. యాప్‌లో పెట్టుకోవడానికి ఎవరికీ మెయిల్ రాయక్కర్లేదు, లైసెన్స్ కాగితం యాప్‌తో పాటు ఉంచితే చాలు. ఎక్ టైప్ వాళ్ల అనేక్ అన్న ఫాంట్ ఫ్యామిలీలో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు అవి చూసుకోండి. పర్లాకిమిడిలో ఉండి వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఒక ఫాంట్ ఉందంటే మా ప్రాంతం వాళ్లకి అదొక ఆనందం. మా విషయంలో బోర్డులు, సంచులు, స్టిక్కర్లు అన్నీ కొన్న ఫాంట్‌తోనే అచ్చయిపోయాయి, వెనక్కి వెళ్లలేకపోయాం.

వెబ్ లైసెన్స్ యాప్‌కి ఎందుకు పనికిరాదని మా బావ అడిగాడు, మీకూ ఆ ప్రశ్న వస్తుంది. వెబ్ లైసెన్స్‌ని సాధారణంగా నెలకి ఎన్నిసార్లు పేజీ తెరుచుకుందన్న లెక్కన అమ్ముతారు. యాప్‌లో అయితే ఫాంట్ ఫైలు అలాగే ప్యాకేజీ లోపల కూర్చుని ప్రతి ఫోన్లోకీ వెళ్తుంది. ఏపీకే అంటే ఒక జిప్ ఫైలు, విప్పితే లోపలి ఫాంట్ బయటికి తీసేయొచ్చు. ఫౌండ్రీ వాళ్ల భయం అది, న్యాయమైన భయమే. ఒక్కో తెలుగు ఫాంట్‌లో గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ చేత్తో సరిచేయాలి. అంత కష్టపడి గీసినదాన్ని ఎవరో విప్పి టెలిగ్రామ్‌లో పంచుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. మా ఊళ్లో పెళ్లికార్డుల డిజైన్ చేసేవాళ్లని అడిగితే "నెట్‌లో దొరికింది" అంటారు. దొరకడం వేరు, హక్కు ఉండటం వేరు. ఈ మాట చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది.

అసలు విషయానికి వస్తాను. జవాబు రాయకుండా నానుస్తున్న రోజుల్లో ఒకరోజు బడా బజార్‌లో మా చిన్నాన్న కొట్టుకి వెళ్లాను. మా యాప్‌ని అప్పటికి పరీక్ష కోసం కొన్ని కొట్లకి ఇచ్చాం, ఆయనదొకటి. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఖాతాదారు ఒకాయనకి బిల్లు వాట్సాప్‌లో పంపారు. "చూడరా, బాకీ అన్న మాట ఎంత బాగా పడిందో" అని చిన్నాన్న ఆ బిల్లు నాకూ పంపారు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఆ పీడీఎఫ్ తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోట నొక్కాను. మా ఫాంట్ పేరు ముందు ఆరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఒక + గుర్తు, పక్కన `Embedded Subset` అని ఉంది. అంటే మేం కొన్న ఫాంట్‌లోంచి ఆ బిల్లుకి కావలసిన అక్షరాలు పీడీఎఫ్‌లో ఎక్కి, చిన్నాన్న ఫోన్ దాటి, రాష్ట్రం దాటి ఇచ్ఛాపురం వెళ్లిపోయాయి.

అప్పటిదాకా నేను యాప్ తెర గురించే ఆలోచించాను. బిల్లు గురించి ఆలోచించనే లేదు. చాలా యాప్ లైసెన్సులు తెర మీద చూపించడానికి అనుమతిస్తాయి. యాప్ వాడేవాళ్లు ఏదో టైపు చేస్తే దాంతో ఒక డాక్యుమెంట్ తయారై బయటికి పోవడాన్ని కొందరు విడిగా చూస్తారు. మరుసటి రోజు మా కోడ్ రాసినతన్ని అడిగితే ఇంకో సంగతి బయటపడింది. పాత ఫోన్లలో పీడీఎఫ్ నెమ్మదిగా తయారవుతోందని అతను ఆ పనిని మా సర్వర్‌కి మార్చాడట. అంటే ఫాంట్ ఫైలు సర్వర్ మీద కూడా ఉంది. దానికి చాలా చోట్ల సర్వర్ లైసెన్స్ అని వేరే కొనాలి, అది ఖరీదైనది.

"ఫాంట్‌లో fsType సున్నా ఉంది, అంటే అన్నీ ఓకే" అని అతను వాదించాడు. ఇది చాలామంది చెప్పే తప్పు. ఆ అంకె డాక్యుమెంట్‌లో పొదిగే విషయంలో సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ఒక సూచన మాత్రమే. మనకి హక్కు ఇచ్చేది కొన్నప్పుడు ఒప్పుకున్న ఒప్పందం. అయినా మెయిల్ రాసే ముందు ఫైలు లోపల ఏముందో చూసుకోవడం మంచిది. ఫాంట్ ఫైలు విప్పి చూపించే ఫాంట్‌టూల్స్ మీ కంప్యూటర్లో ఉంటే ఇది చాలు:

```
ttx -t name -t "OS/2" -o - Font-Bold.ttf
```

ఇందులో `nameID` 5 దగ్గర వెర్షన్, 13 దగ్గర లైసెన్స్ వివరం ఉంటాయి, అవి ఖాళీగా ఉండకపోతే. వెర్షన్ మెయిల్‌లో రాయండి. ఏ ఫైలు గురించి మాట్లాడుతున్నామో వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

తర్వాత పీడీఎఫ్ తయారీని మళ్లీ ఫోన్ లోపలికే మార్పించాం, సర్వర్ మీదున్న ఫాంట్ తీసేశాం. ఆ తర్వాతే రెండో మెయిల్ రాశాను. ఇంగ్లీషులో రాసిందే, తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"మా పాత ఆర్డర్ నంబర్ ఇది, బిల్లు మా కంపెనీ పేరు మీదే ఉంది. ఫాంట్లు ఈ నాలుగు ఫైళ్లు, వెర్షన్లు ఇవి. మాది ఒకటే యాప్, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఒకే పేరుతో వస్తుంది, ప్యాకేజీ ఐడీ ఇది. ఇప్పుడు వాడుతున్నవి 140 కొట్లు, ఏడాదిలో నెలకి 5,000 మంది దాటరని మా అంచనా. కొట్టువాళ్లు యాప్‌లో టైపు చేసిన సరుకుల పేర్లతో పీడీఎఫ్ బిల్లు తయారవుతుంది, అందులో ఫాంట్ సబ్‌సెట్‌గా ఎక్కుతుంది, ఆ బిల్లు ఖాతాదారులకి వెళ్తుంది. బిల్లు ఫోన్‌లోనే తయారవుతుంది, సర్వర్ మీద ఫాంట్ లేదు. ఒక మాట దాచకుండా చెప్పాలి: లైసెన్స్ తీసుకోకముందే ఈ ఫాంట్‌తో పరీక్ష యాప్ ఆ కొట్లకి ఇచ్చాం, బిల్లులు కూడా వెళ్లాయి, కొన్నాళ్లు అవి సర్వర్ మీదే తయారయ్యాయి. దాన్ని కూడా కలుపుకుని ఎంత కట్టాలో చెప్పండి."

ఆ చివరి మాటలు తీసేయమని బావ అన్నాడు. నేను తీయలేదు. రేపు యాప్ ప్లే స్టోర్‌లో ఉంటే విడుదల తేదీ వాళ్లే చూసుకుంటారు, అప్పుడు మన మీద నమ్మకం పోతుంది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రెండు ప్లాట్‌ఫామ్‌లనూ ఒకే యాప్‌గా తీసుకున్నారు, చిన్న స్లాబు వేశారు, బిల్లుల్లో సబ్‌సెట్‌గా ఎక్కడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పరీక్ష కాలానికి విడిగా ఏమీ వసూలు చేయలేదు. మొత్తం మొదటి కొటేషన్‌లో సగం కూడా లేదు. రేటు తగ్గించమని నేను ఒక్క ముక్క కూడా అడగలేదు. అందుకే చెప్తున్నాను, వివరం సరిగ్గా ఇస్తే రేటు దానంతటదే తగ్గుతుంది. తెలియని దానికి ఎవరైనా ఎక్కువే లెక్క వేస్తారు.

ఒక షరతు మాత్రం పెట్టారు, అడక్కుండా ఫైలు మార్చకూడదని. ఇది మాకు మంచిదే అయింది. యాప్ సైజు తగ్గించాలని మా కుర్రాడు అంతకుముందు ఫాంట్‌ని కత్తిరించి చూశాడు. అక్షరాలన్నీ ఉన్నాయి గానీ జీసబ్ పట్టిక పోయింది. హల్లు ఎక్కడ వత్తుగా మారాలో చెప్పేది అదే. దాంతో 'స్త్రీ' అన్న మాట స్, త్, రీ అని మూడు ముక్కలై విడివిడిగా కనిపించింది. మీరూ సైజు తగ్గించాలనుకుంటే ఆ అనుమతి మెయిల్‌లోనే అడగండి, వచ్చాక 'లక్ష్మి', 'స్త్రీ', 'మర్త్యుడు' లాంటి మాటలు కొట్టి చూడండి. వత్తుల అడుగు బటన్ల దగ్గర తెగిపోతోందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఇంగ్లీషుకి సరిపడా ఎత్తు పెట్టి తెలుగుని కోసేసే యాప్‌లు ఎన్ని లేవు!

కొన్నరోజు ఉన్న ఒప్పందం కాపీ, బిల్లు, వాళ్ల జవాబు మెయిల్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. సైట్ మీద ఒప్పందం మాటలు తర్వాత మారొచ్చు. ఫాంట్ ఫైళ్లున్న కోడ్‌ని అందరికీ కనిపించే రిపోలో పెట్టనివ్వకండి.

ఈమధ్య ఒక హోల్‌సేల్ వ్యాపారి తన పేరుతోనే విడిగా యాప్ కావాలన్నాడు. పేరు మారితే అది మా లైసెన్స్ ప్రకారం రెండో యాప్. పాత లైసెన్స్ నంబర్, కొత్త ప్యాకేజీ ఐడీ రాసి నాలుగు లైన్ల మెయిల్ పెట్టాను. సాయంత్రానికి కొటేషన్ వచ్చింది, ఆ మొత్తాన్ని ఆయన ఆర్డర్‌లోనే కలిపేశాను.